24 లక్షలు రావాలి సరే, ఎప్పుడు వస్తాయి?

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న అట్టపెట్టెల యూనిట్. సెప్టెంబర్ 30 నాటి లెక్క ప్రకారం బయట నుంచి 24 లక్షలు రావాలి. కొత్తగా చేరిన ఫైనాన్స్ మేనేజర్, ఏ బాకీ ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే ఏజింగ్ రిపోర్ట్ అడిగితే బిల్లు తేదీ నుంచి రోజులు లెక్కేసి ఇచ్చాను, తిప్పి పంపారు. ఎలా చేయాలి? ఈలోగా జీతాలకు, జీఎస్టీకి ఇంట్లో బంగారం కొంత కుదువపెట్టి, మిగతాది తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, మొత్తం 6 లక్షలు సర్దుదామనుకుంటున్నా. లిస్టు జతచేశాను.

జవాబు: ముందు ఆ అప్పు మాట పక్కనపెట్టండి. మీ లిస్టు చూశాక నాకు టెన్షన్ మొదలైంది.

మేనేజర్ తిప్పి పంపడం సబబే. ఎన్ని రోజులు ఆలస్యమైందో బిల్లు తేదీ నుంచి కాదు, డబ్బు కట్టాల్సిన గడువు తేదీ నుంచి లెక్కించాలి. మీ లిస్టులోదే ఒకటి తీసుకుందాం. జులై 10 బిల్లు, 45 రోజుల గడువు, అంటే ఆగస్టు 24. సెప్టెంబర్ 30కి అది 37 రోజులు ఆలస్యం, కాబట్టి 31–60 గడిలో ఉండాలి. మీరేమో 82 రోజులని 61–90లో వేశారు. అంటే గడువింకా దాటని మంచి పార్టీలు కూడా మీ కాగితం మీద మొండిబాకీదారుల్లా కనిపిస్తున్నారు. గడువు ఎక్కడా రాసుకోని పార్టీలుంటే, మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నట్టయితే, ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం 15 రోజులు వేసుకోండి. రాసుకున్నా 45కి మించకూడదు.

ఎక్సెల్‌లో గడువు తేదీ D కాలమ్‌లో, రిపోర్ట్ తేదీ H1లో పెట్టి ఇలా రాయండి:

```
=MAX(0,$H$1-D2)
```

సున్నా వస్తే గడువు దాటలేదన్నమాట. H1లో TODAY() మాత్రం పెట్టకండి, ఫైలు తెరిచిన ప్రతిసారీ అంకెలు మారిపోయి మీరు ఒకటి, మేనేజర్ ఇంకొకటి చూస్తూ వాదించుకుంటారు.

అసలు తప్పు ఇంకోటి ఉంది, ఇది నేను చూసే చిన్న వ్యాపారాల్లో సగానికి సగం చేసేదే. ఒక పార్టీ ఏ బిల్లుకో చెప్పకుండా 3 లక్షలు వేస్తే మీరు టాలీలో దాన్ని On Accountలో వదిలేశారు. డబ్బు మీ బ్యాంకులోకి వచ్చేసింది, బిల్లులు మాత్రం బాకీగానే నిలబడ్డాయి. కాబట్టి మీకు రావాల్సింది 24 కాదు, 21. ఆ పార్టీకి ఫోన్ చేసి ఏయే బిల్లులకు కట్టారో అడిగి వాటికే సర్దండి, వాళ్లు చెప్పకపోతే పాత బిల్లు నుంచి మొదలుపెట్టండి. చిల్లర మిగుళ్లు కూడా చూడండి, రెండు మూడు వందలు అటూఇటూ ఉన్నవి చాలావరకు వాళ్లు కోసుకున్న టీడీఎస్, వాటికోసం మనిషిని పంపితే పెట్రోల్ దండగ.

ఇవన్నీ సరిచేశాక నాకు తేలింది ఇది: గడువు దాటనివి 9 లక్షలు, 30 రోజుల్లోపు ఆలస్యం 4.5, 31–60లో 2.5, 61–90లో 1, 90 దాటినవి 4. ఆ చివరి 4 లక్షల్లో 2.6 లక్షలు పెట్టెలు తడిసిపోయాయని గొడవ పెట్టిన ఒకే పార్టీవి. అది ఆలస్యం కాదు, వివాదం. దానికి వేరే కాలమ్ పెట్టి పక్కన కారణం రాయండి, లేకపోతే మేనేజర్ ప్రతి నెలా దాన్ని వసూలయ్యే డబ్బుగానే చూస్తారు.

ఇప్పుడు మీ అప్పు సంగతి. 9 లక్షల్లో ఈ నెల గడువుకొచ్చేవి 4, మీ పార్టీలు మామూలుగానే 20 రోజులు జాప్యం చేస్తారు కాబట్టి అందులో సగమే అనుకోండి, 30 రోజుల్లోపు ఆలస్యమైనవి దాదాపుగా వస్తాయనుకున్నా ఈ నెల చేతికొచ్చేది 6 నుంచి 6.5 లక్షలు. మీ నెల ఖర్చు 5.5 అని రాశారు. అంటే సరిపోతుంది, కాస్త ఇరుకుగానే. ఇంతమాత్రానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడమేమిటండీ? నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, 6 లక్షలూ అలాగే తెస్తే నెలకు 12 వేలు వడ్డీ. పైగా 24 లక్షలు వస్తాయన్న లెక్కతో తెచ్చిన అప్పును 6 లక్షల రాబడితో తీర్చలేక ఇంకో అప్పు చేస్తారు. మరీ అవసరమైతే బ్యాంకు క్యాష్ క్రెడిట్ గానీ, పెద్ద కంపెనీలకిచ్చిన బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ గానీ అడగండి, అయితే 90 దాటిన బాకీలను బ్యాంకు సాధారణంగా లెక్కలోకి తీసుకోదు.

మీకు నిజంగా లేనిది అప్పు కాదు, నిల్వ డబ్బు. జీతాలు, అద్దె, కరెంటు బిల్లుకు మూడు నెలలకు సరిపడా సొమ్ము వేరే ఖాతాలో, వ్యాపారంతో కలపకుండా ఉండాలి. ఇంటి ఖర్చుకి ఆరు నెలలది ఇంకోటి, అది దీంతో కలపొద్దు. 60 దాటిన 5 లక్షల్లో వివాదం పోగా మిగిలిన 2.4 లక్షలు ఎప్పుడు వసూలైనా సరే, ముడి అట్ట కొనకుండా నేరుగా ఆ ఖాతాలోనే వేయండి. సోమవారం కొత్త రిపోర్ట్ మేనేజర్‌కి ఇచ్చేటప్పుడు 60 రోజులు దాటిన ఆ పార్టీల పేర్ల పక్కన ఎవరు ఫోన్ చేస్తారు, ఏ తేదీకి కడతామన్నారు అని రెండు గడులు ఖాళీగా పెట్టి ఇవ్వండి, వారం తిరిగేసరికి ఆయన చేతే అవి నింపించండి.