తోటలో 500 మందికి బఫే: కూరల వేడి, నీళ్లు, కరెంటు

ప్రశ్న: ఊరి బయట మామిడి తోటలో రాత్రి రిసెప్షన్, 500 మంది. వంట ఊళ్లో చేయించి పట్టుకెళ్తున్నాం. మూడు గంటల వడ్డనకు ఏర్పాట్లు ఎలా?

ముందు వేడి సంగతి చూడండి. బఫే బల్ల మీద కూరను వేడిగా ఉంచే చేఫింగ్ డిష్ కింద వెలిగించి పెట్టే జెల్ డబ్బా ఉన్న వేడిని నిలబెడుతుందే తప్ప, చల్లారిన కూరను కాచలేదు. అందుకే గిన్నెలకు మూతలు బిగించి, గోనెపట్టాలు చుట్టి వ్యాన్ ఎక్కించండి. తోటలో ఒక పొయ్యి, సిలిండర్ ఉంచుకుని, కూర మళ్లీ ఉడుకు పట్టాకే డిష్‌లో పోయించండి. అడుగు పళ్లెంలో పోసేవి మరిగే నీళ్లే కావాలి. చన్నీళ్లు పోస్తే అవి కాగేలోపే చాలా జెల్ ఖర్చయిపోతుంది.

పెద్ద డిష్‌కి రెండు డబ్బాలు. పది డిష్‌లకు ఇరవై, మధ్యలో మార్చడానికి మరో ఇరవై. డబ్బా మీద రాసిన సమయం గాలి లేని చోట లెక్క, కాబట్టి గాలి వచ్చే వైపు పరదా కట్టించండి. మంట సరిగా కనపడదు. ఆరిందనుకుని వెలిగే డబ్బాలో జెల్ పోస్తే ఒళ్లు కాలుతుంది. కూర 60 డిగ్రీల కంటే తగ్గితే మళ్లీ పొయ్యి మీదకే.

తాగడానికి మనిషికి లీటరు చొప్పున 20 లీటర్ల టిన్నులు 25. చేతులకు, గిన్నెలకు ట్యాంకర్ వేరే. జనరేటర్ పొగ బల్లల మీదకు రాకుండా గాలి వెళ్లే వైపున, దూరంగా పెట్టించి, డీజిల్ ముందే నింపించండి.

విస్తళ్లకు, ప్లాస్టిక్ గ్లాసులకు వేర్వేరు డ్రమ్ములు పెట్టి, దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. జెల్ డబ్బాలు పూర్తిగా చల్లారాకే చెత్తలో వేయించండి.