క్యాబ్ ఆదాయానికి రిటర్ను: దేన్ని రాబడిగా చూపాలి?

ప్రశ్న: సొంత కారును ఒక యాప్‌కు నడుపుతున్నాను. కమిషన్ పోను బ్యాంకులో పడిన డబ్బునే రాబడిగా చూపవచ్చా? డీజిలు, కారు వాయిదాలు తీసేయవచ్చా? పద్దులు రాయకుండా రిటర్ను వేసే దారి ఉందా?

జవాబు: బ్యాంకులో పడిన మొత్తాన్ని రాబడిగా చూపవద్దు. ప్రయాణికుడు చెల్లించిన పూర్తి ఛార్జీ, దానికి తోడు ప్రోత్సాహకాలు, ఇవన్నీ మీ స్థూల రాబడి అవుతాయి. యాప్ సంస్థ పట్టుకునే కమిషన్ మీ ఖర్చు మాత్రమే. నగదు ట్రిప్పుల డబ్బు అసలు బ్యాంకుకే రాదు, వాటి కమిషన్‌ను సంస్థ తర్వాతి చెల్లింపుల్లో సర్దుకుంటుంది కనుక బ్యాంకు పుస్తకం చూసి ఏడాది రాబడి తేల్చడం కుదరదు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో 194-ఓ సెక్షన్ కింద సంస్థ 0.1 శాతం టీడీఎస్‌ను కూడా స్థూల మొత్తం మీదే కోసింది. ఆ అంకె ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరున ఉండే ఫారం 26ఏఎస్‌లోనూ, మీ ఏడాది లావాదేవీల వివరాలుండే ఏఐఎస్‌లోనూ కనిపిస్తుంది. మీ రిటర్నులో అంతకంటే తక్కువ రాబడి ఉంటే తేడా ఎందుకొచ్చిందని శాఖ అడుగుతుంది. నా దగ్గరకు వచ్చే డ్రైవర్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

2025-26 ఆర్థిక సంవత్సరానికి పద్దులు రాయకుండా రిటర్ను వేయడానికి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ వీలు కల్పిస్తుంది. దానికి వాడవలసిన ఫారం ఐటీఆర్-4. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన రాబడిలో కనీసం 6 శాతాన్ని, నగదు రాబడిలో కనీసం 8 శాతాన్ని లాభంగా చూపాలి. అప్పుడు డీజిలు, బీమా, మరమ్మతులు, కమిషన్, అప్పు వడ్డీ, కారు తరుగుదల అన్నీ అందులోనే లెక్కలోకి వచ్చినట్లు భావిస్తారు కనుక వాటిని విడిగా మళ్లీ తీసివేయడానికి వీలు లేదు. కారు వాయిదాలో అసలు భాగమైతే ఏ పద్ధతిలోనూ ఖర్చు కాదు. పద్దులు రాసేవారు సైతం వడ్డీని, తరుగుదలను మాత్రమే చూపగలరు.

2025-26 ఆర్థిక సంవత్సరానికి ఒక లెక్క చూద్దాం. స్థూల రాబడి 9,00,000 రూపాయలు, అందులో నగదు 2,00,000 అనుకోండి. కనీస లాభం 7,00,000 మీద 42,000, నగదు మీద 16,000, కలిపి 58,000. కమిషన్ 1,80,000, డీజిలు 2,70,000, వడ్డీ, బీమా, మరమ్మతులకు 1,30,000 పోతే నిజంగా మిగిలింది 3,20,000. సెక్షన్ కనీస శాతాన్నే చెబుతున్నా, అంతకు మించి సంపాదించినప్పుడు ఆ పెద్ద అంకెనే చూపమని నా సలహా. కొత్త పన్ను విధానంలో 4,00,000 వరకు పన్ను లేదు కనుక, వేరే ఆదాయం లేకపోతే, దీనివల్ల మీకు భారం పడదు. రేపు ఇంటి అప్పు కోసం వెళితే బ్యాంకువారు చూసేదీ ఈ అంకెనే. టీడీఎస్‌గా కోసిన 900 రూపాయలు వాపసు రావాలంటే రిటర్ను వేయాలి.

రిటర్ను వేసే ముందు యాప్‌లోని వార్షిక ఆదాయ నివేదికను దింపుకుని ఏఐఎస్‌తో పోల్చి, రెండూ కలవకపోతే కారణం సంస్థను రాతపూర్వకంగా అడగండి. యాప్ బయట నేరుగా చేసిన ట్రిప్పుల డబ్బు ఆ నివేదికలో ఉండదు. దాన్ని మీరే కలపాలి.