తరంగం వీడియో వెతుకులాటలో రాకపోవడం: సమాధానం

“నెల్లూరు రంగనాయకుల గుడిలో మా పాప చేసిన కూచిపూడి తరంగం వీడియో పెట్టానండి. ఎంత వెతికినా రావట్లేదు. వివరాల్లో ఏం రాయాలి?”

మీ శీర్షికలో ‘పాప తరంగం’ అని మాత్రమే ఉండటం కారణం కావచ్చు.

1. శీర్షికలో ముందు నాట్యరీతి, తర్వాత అంశం, చివర ఊరు రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: తరంగం అనేది అంశం పేరు కాదు, అంశం రకం. నారాయణ తీర్థుల తరంగాలు ఎన్నో ఉన్నాయి కనుక, పల్లవి మొదటి మాటలనూ రచయిత పేరునూ తప్పక చేర్చాలి. పాప పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడి ఉంటే ‘పళ్ళెం మీద నాట్యం’ అని కూడా రాయండి. పల్లవి గుర్తులేని ప్రేక్షకులు ఆ మాటతోనే వెతుకుతారు.

3. కళాకారుల పేర్లకు ముందు వారి పాత్ర ఉండాలి: నర్తకి, నృత్య రూపకల్పన, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్. రికార్డు పాటకు ఆడితే ఆ సంగతి చెప్పి, గాయకుల పేరు ఇవ్వండి.

4. సందర్భంలో బ్రహ్మోత్సవాలో మరొకటో స్పష్టంగా, సంవత్సరంతో సహా రాయండి. ఆలయానికి ‘తల్పగిరి రంగనాథస్వామి ఆలయం’, ‘రంగనాయకుల గుడి’ అనే రెండు పేర్లూ ఇవ్వాలి.

అంశం ‘బాలగోపాల’ అయితే, ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవారి కోసం చివర ఈ వరుస చేర్చండి:

```
Kuchipudi Balagopala Tarangam Narayana Teertha Nellore
```