పత్రిక పేజీలో రెండు కాలమ్‌ల వరుసలు ఒకే ఎత్తులో ఎందుకు నిలవడం లేదు?

"మా బడి పత్రికను రెండు కాలమ్‌లలో పెడుతున్నాం. ఎడమ వరుసలు, కుడి వరుసలు పక్కపక్కన కలవడం లేదు. ఎలా సరిచేయాలి?"

ముందుగా పేరాల మధ్య ఖాళీ చూడండి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. వరుసల మధ్య దూరం 18 పాయింట్లు ఉండి, పేరా తర్వాత 6 పాయింట్ల ఖాళీ ఇస్తే, ఒక్క పేరాకే ఆ కాలమ్ వరుసలో మూడో వంతు కిందికి జారుతుంది. ఆ ఖాళీ తీసేసి, పేరా మొదటి వరుసను కాస్త లోపలికి జరపండి.

ఏ4 పేజీకి అంచులు 15 మిల్లీమీటర్లు, కాలమ్‌ల మధ్య 6 వదిలితే ఒక్కో కాలమ్ 87 వస్తుంది. 12 పాయింట్ల తెలుగు అక్షరానికి 18 పాయింట్ల వరుస దూరం ఇవ్వండి. ఇంగ్లీషుకు చాలే 14 ఇక్కడ ఇరుకు: పై వరుసలోని 'స్త్రీ' ఒత్తులు కింది వరుస గుడిని తాకుతాయి. ఇక శీర్షిక ఎత్తు, దాని ఖాళీతో కలిపి, 36 లేదా 54 కావాలి. ఫొటోలు కూడా అంతే, పద్దెనిమిది గుణిజాల్లోనే. ఫొటో కింది వ్యాఖ్యను కూడా అందులో లెక్కపెట్టండి.

అచ్చు తీశాక రెండు కాలమ్‌ల మీదుగా స్కేలు అడ్డంగా పెట్టి చూడండి. పద్యాలను మాత్రం ఇరుకు కాలమ్‌లో విరగ్గొట్టకండి, రెండు కాలమ్‌ల వెడల్పూ ఇచ్చేయండి.