గల్లాలో ఎంత నగదు ఉంచాలి? నెలకోసారా, వారానికోసారా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. విడిభాగాలకు, రోజుకూలీలకు, ట్రాలీ ఆటోలకు కలిపి నెలకు లక్షా ఇరవై వేలు నగదే కావాలి. డబ్బు లిక్విడ్ ఫండ్‌లో, అంటే త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుకుని, అవసరమైనప్పుడు సేవింగ్స్ ఖాతాకు మార్చి తీసుకుంటున్నాను. నేను వారానికోసారి బ్యాంకుకు వెళ్తాను. మా ఆవిడేమో అంతా నెలకోసారి తెచ్చుకుంటే పోతుంది కదా అంటుంది. ఎవరిది లాభం?

జవాబు: లెక్క వేస్తే ఇద్దరికీ దాదాపు ఒకే ఖర్చు వస్తోంది. రెండింటికన్నా చవకైన దారి మధ్యలో ఉంది. నెలకు రెండుసార్లు, అరవై వేల చొప్పున తీసుకోండి.

ఇందులో ఒకదాన్నొకటి వెనక్కి లాగే ఖర్చులు రెండున్నాయి. గల్లాలో ఉన్న నగదుకు వడ్డీ రాదు, కాబట్టి ఒకేసారి ఎక్కువ తెస్తే ఆ వడ్డీ పోతుంది. కొద్దికొద్దిగా తెస్తే వడ్డీ మిగులుతుంది గానీ బ్యాంకు చుట్టూ తిరిగే ఖర్చు పెరుగుతుంది. మీరు ఫిల్టర్లు, బేరింగులు ఆర్డరు పెట్టేటప్పుడు పడే ఆలోచనే ఇదీ: ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే డబ్బు ర్యాకుల్లో ఇరుక్కుంటుంది, రోజూ తెప్పిస్తే రవాణా తడిసి మోపెడవుతుంది. సరుకు నిల్వల ఈ లెక్కనే నగదుకు వర్తింపజేసి విలియం బామోల్ 1952లో వ్యాసం రాశారు. జేమ్స్ టోబిన్ 1956లో అదే ఫలితానికి తన దారిలో వచ్చారు. దీన్నే వర్గమూల సూత్రం అంటారు:

C = √(2bT/i)

C అంటే ఒక్కసారికి తీయాల్సిన మొత్తం. T నెలకు కావలసిన నగదు. b ఒకసారి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు. i నెలకు పోయే వడ్డీ రేటు. తెచ్చిన డబ్బు రోజూ సమానంగా ఖర్చయి సున్నాకు వస్తుంది కాబట్టి గల్లాలో సగటున ఉండేది C లో సగం.

మీ అంకెలు పెడదాం. T 1,20,000. ఫండ్ ఏడాదికి 6 శాతం ఇస్తోందనుకుంటే నెలకు అర శాతం. వెళ్లి రావడానికి పెట్రోలు 25 రూపాయలు, పని ఆగిన అరగంటకు 50, మొత్తం 75 అనుకుందాం. C సరిగ్గా 60,000 వస్తుంది, అంటే నెలకు రెండుసార్లు. గల్లాలో సగటు నగదు 30,000. తిరుగుడు ఖర్చు 150, పోయిన వడ్డీ 150, మొత్తం 300 రూపాయలు.

మీ పద్ధతిలో నెలకు నాలుగుసార్లు, ముప్ఫై వేల చొప్పున: తిరుగుడుకు 300, వడ్డీకి 75, మొత్తం 375. మీ ఆవిడ చెప్పినట్టు ఒకేసారి తెస్తే తిరుగుడుకు 75, వడ్డీకి 300, మళ్లీ 375.

రెండు ఖర్చులూ సమానమైన చోటే మొత్తం ఖర్చు అత్యల్పం. ఒక నెల పాటు బ్యాంకు పనికి అయిన ఖర్చునూ, గల్లాలో సగటున ఉన్న నగదుపై పోయిన వడ్డీనీ పక్కపక్కన రాసి చూడండి. తిరుగుడు ఖర్చు ఎక్కువైతే మీరు కొంచెం కొంచెంగా తెస్తున్నట్టు, వడ్డీ ఎక్కువైతే ఒకేసారి ఎక్కువ తెస్తున్నట్టు.

చాలామంది తప్పు చేసేది b దగ్గరే. బ్యాంకు మీ ఇంటిదారిలోనే ఉంటే పెట్రోలు లెక్కలోకి రాదు, ఆగే కొద్ది నిమిషాలే ఖర్చు. అలా b 75 నుంచి నాలుగో వంతుకు, అంటే 19 రూపాయలకు దగ్గరగా, తగ్గితే C సగమై 30,000 అవుతుంది. అప్పుడు మీ వారానికోసారి పద్ధతే సరైనది. అదే మీరు లేకపోతే షెడ్డు మూసేయాల్సి వచ్చి, ఒక్కో ట్రిప్పుకు 300 పోతుంటే C రెట్టింపై లక్షా ఇరవై వేలవుతుంది, మీ ఆవిడ మాట నెగ్గుతుంది. అందుకే ముందు b ని నిజాయితీగా కొలవండి.

ఏటీఎం రుసుము సంగతి వేరు. మెషీన్ ఒక్కసారికి పదివేలే ఇస్తే లక్షా ఇరవై వేలకు నెలకు పన్నెండు లావాదేవీలు. మీ బ్యాంకు ఏటీఎంలో సేవింగ్స్ ఖాతాకు నెలకు ఐదు ఉచితం. ఆపైన ఒక్కోదానికి, 2025 మే 1 నుంచి, 23 రూపాయల దాకా, దానిపై జీఎస్టీ వసూలు చేయొచ్చు. అంటే మిగిలిన ఏడింటికి దాదాపు 190 రూపాయలు. మీరు నెలకు ఎన్నిసార్లు వెళ్లినా ఆ పన్నెండూ పన్నెండే కాబట్టి దీన్ని b లో కలపకూడదు, ఎన్నిసార్లు వెళ్లాలో ఇది తేల్చదు. కానీ నెలకు రెండుసార్లు వెళ్లే తిరుగుడు ఖర్చు కంటే ఇదే ఎక్కువ! చెక్కు రాసి కౌంటర్‌లో తీసుకోండి. నెలకు ఎన్నిసార్లు ఉచితమో శాఖలో ముందే అడగండి.

ఇక వడ్డీ. i ఎంత పెరిగితే గల్లా నగదు అంత తగ్గదు, వర్గమూలం మేరకే తగ్గుతుంది. వడ్డీ నాలుగింతలైతేనే నగదు సగమవుతుంది. మీ రాబడిపై 20 శాతం పన్ను పడుతుంటే చేతికి మిగిలేది 4.8 శాతమే, ఆ లెక్కన C సుమారు 67,000. గల్లాలో డబ్బు ఉంటే దొంగల భయం, అప్పడిగేవాళ్ల బెడద ఉంటాయి కాబట్టి ఆరు శాతానికి మరో రెండు కలిపి చూస్తే 52,000 దగ్గర ఆగుతుంది. ఇంత తేడాకు పద్ధతి మార్చక్కర్లేదు. మీరు చూశారుగా, C సగమైనా రెట్టింపైనా అదనంగా పోయేది 75 రూపాయలే. కాకపోతే రోజూ ఐదేసి వేలు తెచ్చే అలవాటు మాత్రం వద్దు. నెలకు ఇరవై నాలుగు ట్రిప్పులకు 1,800 రూపాయలవుతుంది, దానికి మిగిలే వడ్డీ నూట యాభై కూడా ఉండదు.

డబ్బు ఫండ్‌లో కాక మామూలుగా సేవింగ్స్ ఖాతాలోనే ఉంటే, 2.5 శాతం వడ్డీ వస్తుందనుకుంటే, C 93,000 దాకా వెళ్తుంది. వడ్డీ లేని కరెంట్ ఖాతాలో ఉంటే పోయే వడ్డీయే లేదు, ఈ సూత్రానికి పనే లేదు.

పని పెరిగినా ఇదే సూత్రం. నగదు అవసరం నెలకు 4,80,000 అయితే, అంటే నాలుగింతలైతే, సగటు నగదు నాలుగింతలు కాదు, రెట్టింపై 60,000 అవుతుంది.

ఫండ్ వైపు రెండు జాగ్రత్తలు. తక్షణ ఉపసంహరణకు రోజుకు ఒక పథకంలో 50,000 రూపాయలు లేదా అందులో మీకున్న డబ్బు విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది పరిమితి. అరవై వేలు కావాలంటే ముందు పనిదినమే మామూలు పద్ధతిలో అభ్యర్థన పెట్టండి. పైగా పెట్టిన ఆరు రోజుల్లోపు తీస్తే చిన్న నిష్క్రమణ రుసుము పడుతుంది, ఏడో రోజు నుంచి లేదు.

ఈ లెక్క ఖర్చు రోజూ సమానంగా జరిగితేనే నిలుస్తుంది. కూలీ శనివారాల్లో ఒకేసారి ఇస్తుంటే ఆ మొత్తాన్ని T లోంచి తీసేసి, శుక్రవారం విడిగా తెచ్చుకోండి. ఆ డబ్బు గల్లాలో ఒక్క రాత్రే ఉంటుంది. మిగిలిన రోజువారీ ఖర్చుకు మాత్రం సూత్రం వేసుకోండి.