డివిడెండు ప్రకటించిన రోజా, చెల్లించిన రోజా: ఈక్విటీ తగ్గేది ఎప్పుడు?

ప్రశ్న: డివిడెండు ప్రకటించినప్పుడు డబ్బు బయటికి పోదు కదా, మరి ఈక్విటీ అప్పుడే ఎందుకు తగ్గుతుంది? చెల్లించినప్పుడు మళ్లీ తగ్గుతుందా?

మళ్లీ తగ్గదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రెండుసార్లు తగ్గించాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

మాది చిన్న ప్రైవేటు కంపెనీ. లెక్క తేలికగా ఉండేందుకు అంకెలు గుండ్రంగా రాస్తున్నాను. ఆస్తులు 200 లక్షలు, బాధ్యతలు 30, ఈక్విటీ 170. మార్చి 31 లెక్కలు ముగిశాక బోర్డు 10 లక్షల తుది డివిడెండు సిఫారసు చేసింది. సిఫారసుతో ఏ ఎంట్రీ పడదు. పాత పద్ధతిలో మార్చి లెక్కల్లోనే కేటాయింపు చూపేవారు. 2016 సవరణ తర్వాత నోట్సులో ఒక మాట రాస్తే చాలు.

సెప్టెంబరులో వార్షిక సర్వసభ్య సమావేశం ఆమోదించింది. ఆ క్షణం నుంచి అది వాటాదారులకు కంపెనీ పడిన బాకీ. రిజర్వులకు 10 లక్షలు డెబిట్, ‘చెల్లించవలసిన డివిడెండు’కు క్రెడిట్. ఈక్విటీ 160, బాధ్యతలు 40. ఆస్తులు 200 దగ్గరే ఉన్నాయి. యజమానులుగా వాళ్లకున్న హక్కులో ఒక ముక్క, అప్పిచ్చినవాళ్ల హక్కుగా మారిందన్నమాట.

కంపెనీల చట్టం ప్రకారం 5 రోజుల్లోగా ఆ సొమ్మును విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేయాలి. ఇది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చడమే, బాకీ తీరినట్టు కాదు. వాటాదారుల చేతికి అందినప్పుడే బాధ్యత 30కి, ఆస్తులు 190కి దిగుతాయి. ఈక్విటీ 160 దగ్గరే ఉంటుంది. (టీడీఎస్ కూడా ఆ బాకీలోంచే ప్రభుత్వానికి పోతుంది, ఈక్విటీని ముట్టుకోదు.)

నేను చేసిన పొరపాటు ఇక్కడే. చెల్లింపు రోజున బాకీ ఖాతాకు డెబిట్ చేయాల్సింది పోయి, మళ్లీ రిజర్వులకే చేశాను. ఈక్విటీ 150, బాధ్యతలు 40, ఆస్తులు 190. చూడండి, బ్యాలెన్స్ షీటు చక్కగా సరిపోయింది! ట్రయల్ బ్యాలెన్స్ కూడా నోరు మెదపలేదు. డివిడెండు బ్యాంకు ఖాతాలో దాదాపు ఏమీ మిగలకపోయినా, చెల్లించవలసిన డివిడెండు మాత్రం 10 లక్షలు నిలిచి ఉండటం చూసి ఆడిటర్ పట్టుకున్నారు. అప్పటి నుంచి ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి సరిచూడనిదే నేను నెల ముగించను.

ఆ ‘దాదాపు’ ఏమిటంటే, ఒక కుటుంబం తీసుకోని 40,000. తీసుకోలేదు కదా అని దాన్ని తిరిగి రిజర్వుల్లో కలపకూడదు. ప్రకటించిన 30 రోజులు దాటాక 7 రోజుల్లో ‘చెల్లించని డివిడెండు ఖాతా’కు మార్చాలి. అక్కడ 7 ఏళ్లపాటు అటు ఆస్తిగా, ఇటు బాధ్యతగా కనిపిస్తుంది. అప్పటికీ ఎవరూ అడగకపోతే ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి జమ చేయాలి.