ఆ మాత్రలన్నీ ఓసారి బల్ల మీద బోర్లించి కూడండి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కొన్నాళ్లుగా నీరసంగా ఉంటోంది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. తెలిసినవాళ్లంతా మెగ్నీషియం, జింక్, ఒక మల్టీవిటమిన్ మూడూ వేసుకోమంటున్నారు. భోజనం బాగానే చేస్తాను. అయినా వేసుకోవాలా?

జవాబు:

మూడూ అక్కర్లేదు. ఒకటి అవసరమైతే కావచ్చు, అదేదో తేలాక వేసుకోండి. మెగ్నీషియం సంగతి చివర్లో చెబుతాను. ముందు జింక్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ మూడింట్లో జనం బొత్తిగా భయపడనిది అదే. "ఎక్కువైతే ఒంట్లోంచి పోతుందిలే" అని ధీమాగా అంటారు. అది పోతూ పోతూ ఇంకోదాన్ని వెంటబెట్టుకుపోతుందని మా బావగారి విషయంలో దగ్గరుండి చూశాను.

బావగారికి జుట్టు రాలడం మొదలైంది. ఎవరో జింక్ మంచిదన్నారు. 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి మొదలుపెట్టారు. అప్పటికే అక్క ఇంట్లో అందరికీ కొనే మల్టీవిటమిన్‌లో 15 ఉంది. జలుబు చేయకుండా ఉండాలని నీళ్లలో వేస్తే బుస్సున పొంగే విటమిన్ సి బిళ్ల ఒకటి అలవాటైంది, అందులో ఇంకో 10. ఒక్కో సీసా విడిగా చూస్తే ఏదీ పెద్ద నేరంలా కనిపించదు. కూడితే రోజుకు 75. పెద్దవాళ్లకు కావాల్సింది ఆడవాళ్లయితే 8, మగవాళ్లయితే 11 మిల్లీగ్రాములు. తిండి, మాత్రలు అన్నీ కలిపి రోజూ 40 దాటొద్దని అమెరికా ప్రమాణం, యూరప్ వాళ్లయితే 25 దగ్గరే గీత గీశారు. బావగారు ఆ లెక్కన రెండేళ్లకు పైగా నడిపించారు.

మొదట ఆయాసం వచ్చింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ. ఐరన్ మాత్రలిచ్చారు. వాడినా అది పెరగలేదు సరికదా ఇంకాస్త దిగింది, దాంతోపాటు తెల్ల రక్తకణాలు కూడా తగ్గాయి. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు. ఒకరోజు అక్క ఫోన్ చేసి, "మీ బావ వాష్ బేసిన్ దగ్గర మొహం కడుక్కుంటూ పక్కకి తూలిపోతున్నారురా, కళ్లు తెరిస్తే బాగానే నిలబడుతున్నారు" అంది. ఆ ఒక్క ముక్కలోనే జబ్బు ఎక్కడుందో ఉంది. కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాల దారి దెబ్బతింటే మనిషి కళ్ల సాయంతోనే నిలబడతాడు. సబ్బు నురగకు కళ్లు మూసుకోగానే ఆ సాయం పోతుంది.

ఇలాంటప్పుడు డాక్టర్లు మొదట బి12 చూస్తారు, చూడాలి కూడా. ఆయనకు బి12 నార్మల్. అక్కడితో ఒక ఆసుపత్రి వాళ్లు ఎముక మజ్జలోనే ఏదో తేడా ఉందేమోనని పెద్ద జబ్బు పేర్లు ఎత్తారు. ఇంట్లో అందరికీ అన్నం సయించలేదు. ఇన్ని పరీక్షలు రాసినవాళ్లలో ఒక్కరు కూడా "ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు?" అని అడగలేదు. అడిగినా బావగారు చెప్పేవారు కాదనుకోండి. ఆయన లెక్కలో అవి మందులు కావు, విటమిన్లు!

చివరికి నరాల డాక్టరమ్మ ఒకావిడ, "ఇంట్లో నోట్లో వేసుకునేవన్నీ ఒక సంచిలో తెచ్చి చూపించండి, పొడులతో సహా" అన్నారు. అక్క సంచి బల్ల మీద బోర్లిస్తే ఆవిడ సీసాలు తిప్పి, వెనక అక్షరాలు చదివి, కాగితం మీద జింక్ అంకెలు మాత్రం కూడారు. తర్వాత రాసిన పరీక్షలు మూడే: రక్తంలో జింక్, రాగి, రాగిని మోసే ప్రొటీన్ సెరులోప్లాస్మిన్. జింక్ ఎక్కువుంది. రాగి, సెరులోప్లాస్మిన్ రెండూ అడుగంటాయి.

జరిగేది ఇదీ. పేగు లోపలి పొర కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. జింక్ ఎక్కువగా వచ్చేకొద్దీ ఆ కణాలు దాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. చిక్కేమిటంటే అది జింక్ కన్నా రాగినే గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న రాగి రక్తంలోకి వెళ్లదు. పేగు పొర కణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి కదా, వాటితోపాటే రాగి కూడా మలంలో పోతుంది. అందుకే తిండిలో రాగి సరిపడా ఉన్నా లాభం ఉండదు. రాగి లేకపోతే ఒంట్లో ఉన్న ఐరన్ కూడా రక్తం తయారీకి సరిగ్గా అందదు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ కదలకపోవడం అందుకే. ఇది ఎంత నమ్మకంగా పనిచేస్తుందంటే, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు ఇదే జింక్‌ను మందుగా ఇస్తారు, పెద్దవాళ్లకు సాధారణంగా 50 చొప్పున రోజుకు మూడుసార్లు. అక్కడ డాక్టరు పరీక్షలు చేయిస్తూ చేసే పనిని బావగారు జుట్టు కోసం సొంతంగా చేసుకున్నారు.

జింక్ ఆపించి, రాగి మాత్రలిచ్చారు. రక్తం సంగతి త్వరగానే కుదుటపడింది, తెల్లకణాలు ముందు, హిమోగ్లోబిన్ తర్వాత. నరాలు అలా తిరిగిరావు. ఇంకా ముదరకుండా ఆగడమే చాలామందిలో దక్కే లాభం. తూలడం తగ్గింది కానీ, అరికాళ్లలో ఆ మొద్దుబారినతనం ఆయనకు ఇప్పటికీ ఉంది. జుట్టు మాత్రం రాలుతూనే ఉంది, అది వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన ఆస్తి.

లేబుళ్ల మీద నాకో పాత కోపం ఉంది, చెప్పేస్తాను. ఒక సీసా మీద "జింక్ సల్ఫేట్ 220" అని ఉంటుంది, అందులో అసలు జింక్ 50 మాత్రమే. ఇంకో దాని మీద "జింక్ గ్లూకోనేట్ 50" అని ఉంటే అందులో జింక్ దాదాపు 7 మాత్రమే. మరొకడు నేరుగా "జింక్ 50" అని రాస్తాడు, అది నిజంగానే 50. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే చదువుకున్నవాడైనా తికమకపడతాడు. అసలు జింక్ ఎంతో చెప్పేది ఎలిమెంటల్ అన్న మాట, దాని పక్కన ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. అది లేకపోతే ఆ సీసా కొనకండి, అంతే.

మరి జింక్ ఎవరికి పనికొస్తుంది? విరేచనాలు పట్టుకున్న చిన్నపిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపువాళ్లకు 10, పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వచ్చింది. చూడండి, దానికీ ఒక గడువుంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, పేగు జబ్బులతో తిన్నది ఒంటబట్టనివాళ్లు, మద్యం బాగా అలవాటున్నవాళ్లు కూడా ఈ కోవలోకి వస్తారు. మాంసం, గుడ్లు, పాలు తినేవాళ్లకు 8 నుంచి 11 అందుకోవడం కష్టం కాదు. శాకాహారులకు కాస్త బిగువుగా ఉంటుంది, ఎందుకంటే గింజల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ జింక్‌ను పట్టి ఉంచుతుంది. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. సీసా కొనే ముందు ఈ పని చేయొచ్చు.

మల్టీవిటమిన్ మీద నాకు పెద్ద ద్వేషం లేదు. మామూలు మోతాదులో రోజుకొకటి వేసుకుంటే చాలామందికి హానీ లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు. నిజంగా లాభపడేవాళ్లకు చాలాసార్లు కావాల్సింది అందులోని ఒక్క ముక్కే. గర్భం దాల్చాలనుకునేవాళ్లకు ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి, బిడ్డ వెన్ను లోపాలు దానితో తగ్గుతాయని ఎప్పుడో తేలింది. పాలు, గుడ్లు కూడా ముట్టని శాకాహారులకు బి12 కావాలి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ పేషెంట్లు బి12 చూపించుకోవాలి. ఆకలి చచ్చి రెండు ముద్దలు కూడా తినలేని పెద్దవాళ్లకైతే మల్టీవిటమిన్ ఇవ్వండి, నేనేమీ అనను. జుట్టు కోసం అమ్మే వాటిలో బయోటిన్ దండిగా ఉంటుంది, అది కొన్ని థైరాయిడ్ పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

ఇక మీ పిక్కలు. వయసు పైబడినవాళ్ల రాత్రి పిక్కల పట్టు మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో మెగ్నీషియానికీ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మీకు నేను వేసే మొదటి ప్రశ్న వేరు: గ్యాస్ కోసం ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటిది రోజూ వేసుకుంటున్నారా? ఏడాదికి పైగా వాడితే కొందరిలో మెగ్నీషియం బాగా పడిపోతుందని 2011లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాంటివాళ్లలో కొందరికి మెగ్నీషియం మాత్ర ఇచ్చినా సరిపోదు, ఆ గ్యాస్ మాత్ర ఆపితేనే అంకె పైకి వస్తుంది. బీపీకి నీరు తీసే మాత్ర వాడినా, ఎక్కువకాలం విరేచనాలున్నా ఇదే అనుమానం. ఇవేవీ లేకుండా ఆకుకూరలు, పప్పులు, గింజలు, ముడి ధాన్యాలు తింటున్నారంటే రోజుకు కావాల్సిన 310 నుంచి 420 మిల్లీగ్రాములు చాలావరకు కంచంలోంచే వస్తాయి. ఒకటుంది, ఒంట్లో మెగ్నీషియంలో రక్తంలో తిరిగేది ఒక శాతం కూడా ఉండదు. కాబట్టి రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన లోటు లేదని తేల్చేయలేం. పైన చెప్పిన కారణాల్లో ఏదైనా మీకు ఉంటే రిపోర్టు చూసి ఊరుకోకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

నీరసానికి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, థైరాయిడ్ చూపించుకోండి. అన్నీ చూశాక కూడా డాక్టరు మెగ్నీషియం వాడి చూడమంటే వాడండి, మాత్రల రూపంలో 350 దాటకుండా. విరేచనాలు మొదలైతే మోతాదు ఎక్కువైనట్టే. కిడ్నీ సరిగ్గా పనిచేయనివాళ్లు మాత్రం సొంతంగా ముట్టుకోకూడదు, వాళ్లలో అది బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటబట్టదు.